కు ప్రత్యయం

“సూర్యుడు ఆడమనిషి. చంద్రుడు మగాడు. అమ్మాయి మాత్రం అటూ కాదు, ఇటూ కాదు. రాసుకోండి,” అన్నాడు తిరుపతిరావు సారు.

హాల్లో ఉన్న పంతొమ్మిది మంది నర్సులూ గొల్లుమన్నారు. ఏలూరు రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో, మందుల షాపు పైన రెండో అంతస్తు అది. ఏసీ ఉంది గాని అది చల్లబరిచేది దాని కింద కూర్చున్న ఇద్దరినే.

“డీ జొన్నె అంటే సూర్యుడు,” అని సారు బోర్డు మీద రాశాడు.

“జొన్నలా సార్?” అంది ముందు వరసలో కనకలక్ష్మి.

“జొన్నలే అనుకో తల్లీ. జొన్న ఆడది, దాని ముందు డీ. డేర్ మోంట్ అంటే చంద్రుడు. మొండివాడు, మగాడు, వాడి ముందు డేర్. డస్ మేడ్‌షెన్ అంటే అమ్మాయి. డస్ వస్తే నపుంసకం. పరీక్ష హాల్లో ఈ జొన్నలూ ఈ మొండివాడే మిమ్మల్ని ఒడ్డున పడేస్తారు.”

“అమ్మాయి నపుంసకం ఏంటి సార్, అన్యాయం కాదూ?” అంది శాలిని.

“జర్మనీవాళ్లకి మీ సంగతి ముందే తెలిసినట్టుంది,” అన్నాడు డేనియల్. ఆ బ్యాచ్‌లో మగ నర్సు అతనొక్కడే. శాలిని విసిరిన పెన్ను మూత అతని చెవి పక్కనుంచి పోయింది.

వెనక వరసలో కిటికీ పక్కన కూర్చున్న అమలమ్మ నవ్వలేదు. అమ్మాయి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, అనుకుంది మనసులో. మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం? ఈ మాట మైలవరం జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకి ఇరవై రెండేళ్లుగా ఏటా చెప్తూనే ఉంది. ఇక్కడ మాత్రం పైకి అనలేదు. నోట్సులో డేర్, డీ, డస్ అని మూడు గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో మాట పొందిగ్గా రాసుకుంది.

ఆమెకి నలభై ఏడేళ్లు. వేసవి సెలవులు. రోజూ పొద్దున్నే మైలవరంలో బస్సెక్కి, కొండపల్లి మీదుగా బెజవాడ వచ్చి, పది గంటలకల్లా ఈ హాల్లో కూర్చుంటోంది. జర్మనీ వెళ్లే పని ఆమెకి లేదు. వెళ్లింది ఆమె చెల్లెలు బ్లెస్సీ. రెండేళ్ల కిందట ఇదే హాల్లో, ఇదే తిరుపతిరావు సారు దగ్గర నేర్చుకుని, పరీక్షలు గట్టెక్కి, పోయిన నవంబరులో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో చేరింది. ఫిబ్రవరిలో గన్నవరం విమానాశ్రయానికి పెట్టెలో వచ్చింది. తలలో రక్తనాళం చిట్లిందని కాయితంలో రాశారు. ఇరవై తొమ్మిదేళ్లు.

తిరుపతిరావు సారు సమాధుల దొడ్డికి వచ్చాడు. చివరిదాకా నిలబడ్డాడు. అందుకే ఏప్రిల్ ఆఖరున అమలమ్మ ఈ మెట్లెక్కి వచ్చి, “నన్ను క్లాసులో కూర్చోనిస్తారా అండీ?” అని అడిగితే, ఎందుకని అడగలేదు. “కిటికీ పక్కన గాలొస్తుంది, అక్కడ కూర్చోండి టీచరుగారూ,” అన్నాడు.

ఎందుకో అమలమ్మ ఎవరికీ చెప్పలేదు.

బ్లెస్సీ సామాన్లతో పాటు ఆమె ఫోను కూడా వచ్చింది. అందులో ఆఖరు మెసేజి ఆసుపత్రిలో మోనికా అనే పెద్ద నర్సుకి పంపినది. జర్మన్‌లో ఉంది. అమలమ్మ దాన్ని తన ఫోనులోని అనువాదంలో పెట్టి చూసింది. ఫోను ఇలా చెప్పింది: “సిస్టర్ మోనికా, నేను చెడ్డదాన్ని. ఈరోజు నేను చాలా చెడ్డదాన్ని. క్షమించండి.” మోనికా జవాబు దాని కిందే ఉంది: “కాదు, కాదు. నువ్వు చెడ్డదానివి కాదు. పొరపాట్లు అందరూ చేస్తారు. విశ్రాంతి తీసుకో.” ఆ తర్వాత బ్లెస్సీ ఏమీ రాయలేదు. మర్నాడు పొద్దున డ్యూటీకి రాకపోతే గది తలుపు తెరిపించారు.

చెడ్డదాన్ని. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అమలమ్మకి తెలుసు. అంతకు మూడు వారాల ముందు నాన్న సంవత్సరీకం. చర్చిలో పూజ చెప్పించి, ఇంటికొచ్చిన వాళ్లందరికీ అన్నాలు పెట్టి, అమలమ్మ రోజంతా ఫోను పక్కనే పెట్టుకుంది. బ్లెస్సీ చెయ్యలేదు. మర్నాడు చేసి, “రెండు షిఫ్టులు చేశానక్కా, తేదీ మర్చిపోయాను,” అంది. అమ్మ పోయాక పన్నెండేళ్ల పిల్లని తన దగ్గర పెట్టుకుని పెంచింది అమలమ్మ. అంతలేసి మాటలు ఎప్పుడూ అనని మనిషి ఆ రోజు అంది: “నాన్నని మర్చిపోయేంత చెడ్డదానివి అవుతావనుకోలేదు.” అని ఫోను పెట్టేసింది. బ్లెస్సీ మళ్లీ చెయ్యలేదు. అమలమ్మా చెయ్యలేదు. చేస్తుందిలే, చిన్నది తనే కదా, అనుకుంది.

ఇప్పుడు అమలమ్మకి తెలుసుకోవలసింది ఒక్కటే. తను అన్న మాటనే మోసుకుని ఆ పిల్ల పోయిందా? ఫోను చెప్పిన దానిలో ఎక్కడైనా తేడా ఉందేమో, ఆ మాట వేరే ఏదైనా అవుతుందేమో. దాన్ని ఇంకొకరికి చూపించి అడగడానికి నోరు రాలేదు. ఇంట్లో చెడ్డ మాటని వీధిలోకి తేవడం ఆ కుటుంబంలో లేదు. నేర్చుకుని తనే చదువుకుందామని వచ్చింది.

* * *

రెండో వారం విభక్తులు మొదలయ్యాయి. సారు వాటిని కేసులు అన్నాడు.

“నాలుగు కేసులు. భయపడకండి, లాయరు అక్కర్లేదు. మొదటిది నోమినాటివ్. సబ్జెక్ట్. రెండోది అకూజాటివ్. డైరెక్ట్ ఆబ్జెక్ట్…”

ఇంగ్లీషు మాటలు పడేసరికి నర్సుల ముఖాలు వాడిపోయాయి. కనకలక్ష్మి చెయ్యెత్తింది. “డేర్ ఎప్పుడు డేన్ అవుద్దో అర్థం కావట్లేదు సార్. వాడు అంతలోనే ఎందుకు మారాడు?”

సారు మళ్లీ చెప్పాడు. మళ్లీ అర్థం కాలేదు. అతను మార్కరు మూత పెట్టి వెనక్కి చూశాడు. “టీచరుగారూ, మీరొకసారి వస్తారా? నాది ఇంజినీరింగు తెలుగు. పన్నెండేళ్లు కాసెల్ ఊరి ఫ్యాక్టరీలో బోల్టులు బిగించి నేర్చుకున్న జర్మన్. మీకు వీటి పేర్లు పుట్టుకతో తెలుసు.”

అమలమ్మ లేచి వెళ్లింది. పాఠం చెప్పడానికి నిలబడి నెల దాటింది. మార్కరు చేతిలోకి రాగానే వెన్ను దానంతటదే నిటారుగా అయింది.

“నర్సు డాక్టర్ని పిలిచింది,” అని రాసింది. “ఎవరు పిలిచారు?”

“నర్సు.”

దాని కింద రాసింది: డాక్టర్ని నర్సు పిలిచింది. “ఇప్పుడు ఎవరు పిలిచారు?”

“నర్సే.”

“మాటలు తారుమారు చేశాను కదా. అయినా మీకెలా తెలిసింది?”

“డాక్టర్ పక్కన ‘ని’ ఉంది కదా మేడం,” అంది శాలిని.

“అంతే. పని చేసేవాళ్లు ప్రథమ. ఆ పని ఎవరి మీద పడుతుందో వాళ్లు ద్వితీయ, వాళ్లకి ‘ని’. మనం ఆ గుర్తు మాట చివర తగిలిస్తాం. వీళ్లు ఎక్కువగా మాట ముందున్న డేర్ మీదే పెడతారు. డీ ష్వెస్టర్ రూఫ్ట్ డేన్ డోక్టోర్. నర్సు డాక్టర్ని పిలుస్తుంది. డేన్ డోక్టోర్ రూఫ్ట్ డీ ష్వెస్టర్. డాక్టర్ ముందుకొచ్చినా పిలిచింది నర్సే. డేన్ అన్నారంటే అందులో మన ‘ని’ ఉన్నట్టు. డేర్ డోక్టోర్ అని ఉంటేనే డాక్టరు పిలిచినట్టు.”

“మరి డీ, డస్ మారవా మేడం?” డేనియల్ అడిగాడు.

“రెండో దాంట్లో మారవు. నువ్వు నీళ్లు తాగావా, నీళ్లని తాగావా?”

“నీళ్లు తాగాను.”

“మనమూ కొన్నిటికి గుర్తు పెట్టం. అలాంటిదే అనుకో. పురుషలింగం ఒక్కటే మారుతుంది. ఒక డాక్టర్ని అన్నా అంతే. ఐన్ అన్నది ఐనెన్ అవుతుంది.”

“అంటే మగాడి మీద పని పడితేనే వాడికి తెలుస్తుందన్నమాట,” అంది కనకలక్ష్మి. క్లాసంతా నవ్వింది. అమలమ్మ పెదవి కూడా కొంచెం కదిలింది.

సారు పక్కకి నిలబడి అంతా విని, “ఒక్కటి నేను కలుపుతాను,” అన్నాడు. “ఇష్ బిన్ అంటే ఐ యామ్, నేను ఫలానా అని. అది తక్కెడ లాంటిది. ఇటువైపు నేను, అటువైపు మీరేది పెడితే అది, రెండూ ఒకటే. రెండూ ప్రథమే. ఇష్ బిన్ క్రాంకెన్‌ష్వెస్టర్, నేను నర్సుని. ఇష్ బిన్ ఆల్ట్, నేను ముసలివాణ్ణి. ఇష్ బిన్ తర్వాత ఏది పెడితే అది మీరే అయిపోతారు. జాగ్రత్త.”

అమలమ్మ తన చోటికి వెళ్లి కూర్చుంది. బ్లెస్సీ మెసేజి ఆమెకి కంఠతా వచ్చు. ఇష్ బిన్ ష్లెష్ట్. ఆ రోజు డిక్షనరీలో ష్లెష్ట్ చూసుకుంది. చెడు, చెడ్డ, అధ్వాన్నం. తక్కెడలో ఇటువైపు బ్లెస్సీ, అటువైపు చెడ్డ. ఫోను అబద్ధం చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం బస్సులో ఇబ్రహీంపట్నం దాటేదాకా కిటికీ ఊచ పట్టుకునే కూర్చుంది. రేపటినుంచి రాకూడదు అనుకుంది. తెలియవలసింది తెలిసిపోయింది. అయినా మర్నాడు వచ్చింది. తాను రాకపోతే ఆ పిల్లలకి మూడో విభక్తి ఎవరు చెప్తారు, అనుకుంది. అదొక సాకు. నిజానికి ఇంట్లో కూర్చోలేక వచ్చింది.

* * *

మూడోది డాటివ్. ఆ వారానికి సారుకి, అమలమ్మకి ఒక పద్ధతి కుదిరింది. జర్మన్ సారు చెప్తాడు, అది చేసే పని అమలమ్మ చెప్తుంది.

“ఇష్ గేబె డేమ్ కింట్ డీ టబ్లెట్టె,” అన్నాడు సారు.

“బిడ్డకి మాత్ర ఇస్తాను,” అంది అమలమ్మ. “ఇచ్చేది నేను, ప్రథమ. చేతులు మారేది మాత్ర, ద్వితీయ. అందుకునేది బిడ్డ. అందుకునేవాళ్లకి కి, కు. మన పాత వ్యాకరణంలో కి, కు అన్నవి షష్ఠిలో కూర్చున్నాయి గాని, పేరుతో మనకి పని లేదు. మాట ఏ పని చేస్తోందో చూడండి. డేర్, డస్ రెండూ డేమ్ అవుతాయి.”

“డీ ఏమవుద్ది?” అంది శాలిని.

“డేర్,” అన్నాడు సారు.

“మళ్లీ డేర్ ఏంటి సార్! అది మగాడిది కదా!”

“ఏం చెయ్యనమ్మా, ఇక్కడికొచ్చేసరికి ఆవిడ ఆయన చొక్కా వేసుకుంటుంది. ఇష్ హెల్ఫె డేర్ ఫ్రావ్. చొక్కా చూసి మోసపోకండి, లోపల మనిషిని చూడండి.”

“ఆమెకి సాయం చేస్తాను,” అంది అమలమ్మ వెంటనే. “చూడండి, ఇంగ్లీషులో అయితే ‘కి’ లేదు. హెల్ప్ హర్ అంటారు. మనం ఆమెని సాయం చేస్తాను అనం కదా? ఆమెకి. వీళ్లూ అంతే. సాయం, కృతజ్ఞత, నచ్చడం, అన్నిటికీ మనలాగే ‘కు’ పెడతారు.”

“అయితే జర్మన్ మన చుట్టమే మేడం,” అన్నాడు డేనియల్.

“బహువచనంలో డేన్. పిల్లలకి అంటే డేన్ కిండెర్న్. చివర న్ కూడా తగులుతుంది,” అని సారు రాసి, ఇంకో పక్క కొత్త గీత గీశాడు. “ఇప్పుడు అసలైనది. ఆసుపత్రిలో మీకు రోజూ కావలసింది. నేను అన్నది ఇష్. నాకు అన్నది మీర్. మీర్ ఇస్ట్ కల్ట్. నాకు చలిగా ఉంది.”

“ఐ యామ్ కోల్డ్ కదా సార్. ఇష్ బిన్ కల్ట్ అనకూడదా?” అంది శాలిని.

“అంటే నేను మనసు లేని మనిషిని అని. మనం నేను చలి అంటామా? నాకు చలి.”

అమలమ్మకి ఆ మాట నచ్చింది. ముందుకొచ్చింది. “ఆకలి, చలి, జ్వరం, నిద్ర, భయం, దుఃఖం. వీటిలో మనం చేసేది ఒక్కటీ లేదు. వచ్చి మన మీద పడతాయి. అందుకనే వాటి దగ్గర మనం నేను అనం, నాకు అంటాం. చేసేవాళ్లం కాదు. అందుకునేవాళ్లం.”

“బాగా చెప్పారు,” అని సారు బోర్డు వైపు తిరిగి ఇంకో వాక్యం రాశాడు. “మీర్ ఇస్ట్ ష్లెష్ట్. నాకు వికారంగా ఉంది, ఒంట్లో బాగోలేదు. రోగి ఈ మాట అన్నాడంటే మీరు గిన్నె పట్టుకుని పరిగెత్తాలి.”

అమలమ్మ మార్కరు పట్టుకునే నిలబడిపోయింది. బోర్డు మీది మాటని మళ్లీ చదివింది. ష్లెష్ట్ అదే. ముందు మాటలే వేరు.

“సార్,” అంది. “ఇష్ బిన్ ష్లెష్ట్ అంటే?”

“నేను చెడ్డదాన్ని అని. లేకపోతే, నాకు పని చేతకాదు అని,” అన్నాడు సారు నవ్వుతూ. “మనవాళ్లందరూ చేసే తప్పు ఇదే టీచరుగారూ. ఒంట్లో బాగోలేదంటే ఐ యామ్ నాట్ వెల్ కదా. ఐ యామ్ అనగానే ఇష్ బిన్ వచ్చేస్తుంది. ప్రతి బ్యాచ్‌లోనూ పదిమంది…”

అమలమ్మ ముఖం చూసి అతను ఆగిపోయాడు.

“పది నిమిషాలు టీ,” అన్నాడు క్లాసుతో.

పిల్లలు దిగి వెళ్లారు. అమలమ్మ సంచీలోంచి బ్లెస్సీ ఫోను తీసి, తెరిచి, అతని చేతికిచ్చింది. అతను కళ్లజోడు పైకి జరిపి చదివాడు. ఒకసారి చదివి, తేదీ చూసి, మళ్లీ చదివాడు. తర్వాత ముందు వరస కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు.

“ఆ రోజేనా?” అన్నాడు.

“ఆ రోజే. అక్కడి టైము పొద్దున పది.”

“వాంతి వచ్చేలా ఉండుంటుంది. తలలో అలాంటిది అయినప్పుడు వస్తుంది కదండీ.” “ఆవిడ, మోనికా, ఇంకోలా అనుకుంది. పొరపాట్లు అందరూ చేస్తారు అంది చూడండి. ముందు రోజు డ్యూటీలో ఏదో చిన్నది జరిగి ఉంటుంది. అందుకు బాధపడుతోందనుకుంది.”

“ఫోను కూడా అలాగే చెప్పింది.”

“ఫోనుకేం తెలుసు! ఉన్నది ఉన్నట్టు చెప్తుంది.” ఫోను బల్ల మీద పెట్టాడు. “తెలుసండీ ఆ పిల్లకి. మీర్ ఇస్ట్ ష్లెష్ట్ అని నిద్రలో అడిగినా రాసేది. పరీక్షలో తప్పు పోలేదు. కానీ తల పగిలిపోతున్నప్పుడు మనిషికి మొదట నేర్చుకున్న దారే కాలికి తగులుతుంది. మొదటి రోజు, ఇదిగో ఈ బోర్డు మీదే, నేనే చెప్పాను. ఐ యామ్ అంటే ఇష్ బిన్ అని. పన్నెండు బ్యాచ్‌లకి అలాగే చెప్పాను. తెలుగులో మొదలుపెట్టి ఉంటే…”

“మీరు కాదులెండి,” అంది అమలమ్మ.

“నేనేనండీ.”

“కాదు. అంతకుముందు నేనున్నాను.”

ఆమె కిటికీ వైపు చూస్తూ చెప్పింది. ఎవరికో పాఠం అప్పజెబుతున్నట్టు, ఒక్కో మాటా విడివిడిగా.

“అమ్మ పోయిన ఏడు ఆ పిల్లని ఇంగ్లీషు మీడియంలో వేశాను. తెలుగు చెప్పేదాన్ని కదా, తెలుగు కూడు పెట్టదని నాకే బాగా తెలుసుననుకున్నాను. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమనేదాన్ని. ఒకరోజు బడినుంచి కడుపు పట్టుకుని వచ్చింది. అక్కా నాకు కడుపులో నొప్పి, అంది. ఇంగ్లీషులో చెప్పు, అన్నాను. చెప్పేదాకా వాము నీళ్లు ఇవ్వలేదు. ఏడుస్తూ చెప్పింది. ఐ యామ్ హేవింగ్ స్టమక్ పెయిన్. ఐ యామ్ అంది. నాకు అన్నదాన్ని నేనే మాన్పించాను సార్.”

తిరుపతిరావు తల వంచుకున్నాడు. అమలమ్మకి అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడూ రాలేదు. ఒంట్లో ఏదో పట్టు మాత్రం సడలింది. మూడు నెలలుగా ఆమె మోస్తున్నది ఒక మాట. ఆ మాట బ్లెస్సీ అనలేదు. అక్క తిట్టిన తిట్టు పట్టుకుని పోలేదు ఆ పిల్ల. వికారంగా ఉంది, చాలా వికారంగా ఉంది, అంది. దగ్గరున్న మనిషిని సాయం అడిగింది. ఆ మనిషి మంచిదే. విన్నది. ఓదార్చింది కూడా. పడుకోమంది.

తెలుగులో అయితే ఆ మాట తప్పు పోయేది కాదు. అక్కా, నాకు బాగోలేదే, అనేది. ఆ ఫోను చెయ్యడానికి ఆ పిల్ల సందేహించింది. మూడు వారాల మౌనం మధ్యలో ఉంది. ఆ మౌనం మాత్రం ఏ అనువాదం తప్పూ కాదు.

“మోనికా ఒక కార్డు పంపింది,” అంది అమలమ్మ. సంచీలోంచి అది కూడా తీసింది. “ఎస్ టూట్ మీర్ జో లైట్. అని మొదలైంది. ఇక్కడ కూడా మీర్ ఉంది.”

“నాకు చాలా బాధగా ఉంది, అని.”

“ఆమెకీ వచ్చి పడిందన్నమాట.” అమలమ్మ కార్డులో ఇంకో వాక్యం మీద వేలు పెట్టింది. “జీ వార్ ఐనె గూటె ష్వెస్టర్. మంచి చెల్లెలు అని వచ్చింది ఫోనులో. మా సంగతి ఆమెకెలా తెలుసా అనుకున్నాను.”

“ష్వెస్టర్ అంటే నర్సు కూడానండీ. మనం ఇక్కడ సిస్టర్ అంటాం చూడండి, అలాగే. చెల్లెలు అన్నా అదే. ఆమె నర్సు అనే అని ఉంటుంది.” అతను నెమ్మదిగా అన్నాడు: “ఆ మాటకి రెండు అర్థాలూ ఉన్నాయి లెండి.”

అమలమ్మ కార్డు మడిచింది.

“ఆవిడకి రాద్దామా?” అన్నాడు సారు. “ఇలా జరిగిందని. మీరు చెప్పండి, జర్మన్‌లో నేను రాసిపెడతాను.”

ఆమె కార్డు సంచీలో పెట్టింది. “రాయండి. కానీ ముందు ఇది రాయండి. మీరు విన్నదాంట్లో తప్పు లేదు, అని. మీ భాష ప్రకారం మీరు సరిగ్గానే అర్థం చేసుకున్నారు, అని. మా చెల్లెలికి మంచి మాట చెప్పినందుకు మీకు కృతజ్ఞురాలిని, అని. ఆ తర్వాతే మీర్ సంగతి రాయండి. ఇంకెవరైనా మా వైపు పిల్ల అలా అంటే ఒకసారి ఎదురు అడగమనండి. ‘నీకా?’ అని.”

“ఇష్ డాంకె ఈనెన్,” అన్నాడు అతను రాసుకుంటూ. “మీకు. ఇది కూడా డాటివే.”

మెట్ల మీద పిల్లల మాటలు వినపడ్డాయి. డేనియల్ ఎవరినో ఏడిపిస్తున్నాడు. చొక్కా వేసుకున్న ఫ్రావ్ వస్తోంది, తప్పుకోండి, తప్పుకోండి. ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. బోర్డు దగ్గర పెద్దవాళ్లిద్దరి ముఖాలూ చూసి చప్పుడు ఆపారు.

తిరుపతిరావు లేవబోయాడు. అమలమ్మ చేత్తో ఆపింది.

“నేను చెప్తాను,” అంది.

ఆమె బోర్డు ముందు నిలబడింది. రెండు వాక్యాలు, ఒకదాని కింద ఒకటి రాసింది. ఇష్ బిన్ ష్లెష్ట్. మీర్ ఇస్ట్ ష్లెష్ట్.

“బ్లెస్సీ అని నాకు ఒక చెల్లెలు. మీలాగే నర్సు. మీరు కూర్చున్న ఈ కుర్చీల్లోనే కూర్చుని నేర్చుకుంది,” అని మొదలుపెట్టింది. ఇంట్లో మాట ఇంట్లోనే ఉండాలన్నది ఆమెకి ఆ క్షణాన గుర్తు రాలేదని కాదు. గుర్తొచ్చింది. అయినా చెప్పింది. ఏ రోజు, ఏ టైముకి, ఎవరికి రాసిందో, వాళ్లు ఏమనుకున్నారో, తర్వాత ఏమైందో, ఎక్కువా తక్కువా లేకుండా చెప్పింది. తను ఏమని తిట్టిందో కూడా చెప్పింది. చెల్లెలు రాసింది పైది, అని మొదటి వాక్యం చూపించింది. చెప్పాలనుకున్నది కిందది, అంది.

శాలిని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. డేనియల్ బల్ల వైపు చూస్తున్నాడు.

“మీకు ఇంగ్లీషు రాకూడదని నేననడం లేదు,” అంది అమలమ్మ. “ఒంట్లో బాగోలేనప్పుడు మాత్రం ముందు తెలుగులో అనుకోండి. నాకు అనుకోండి. తర్వాత మీర్ అదే వస్తుంది. ఇప్పుడు ఒక్కొక్కరూ చెప్పండి. నాకు ఒంట్లో బాగోలేదు.”

“మీర్ ఇస్ట్ ష్లెష్ట్,” అంది శాలిని.

వరసగా చెప్పుకుంటూ వచ్చారు. కనకలక్ష్మి వంతు వచ్చేసరికి ఆ పిల్ల లేచి నిలబడి, చెప్పకుండా, “తను ఇంకేమైనా రాసిందా టీచరుగారూ? తర్వాత?” అని అడిగింది.

“లేదమ్మా.”

కనకలక్ష్మి కళ్లు తుడుచుకుంది. తడబడుతూ, “ఇష్… ఇష్ బిన్…” అంది. చటుక్కున నాలుక కరుచుకుని, భయంగా అమలమ్మ వైపు చూసింది.

అమలమ్మ ఆ పిల్ల దగ్గరకి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. చెల్లెలి చిన్నప్పుడు ‘నాకు’ అన్న మాటని మాన్పించిన గొంతుతోనే, చాలా మెల్లగా అంది:

“కాదు తల్లీ. నీకు. నీకు ఏమైంది, మళ్లీ చెప్పు.”